ఒకే గుణకంతో మగ, ఆడ గొంతుల అచ్చులు ఎందుకు కలవడం లేదు?

పీటర్సన్, బార్నీ 1952లో ఇచ్చిన అమెరికన్ ఇంగ్లీషు సగటులతో అచ్చుల నార్మలైజేషన్, అంటే మనిషి మనిషికీ ఉండే గొంతు తేడాలు తీసేసి అచ్చుల్ని పోల్చడం, నేర్చుకుంటున్నాను. ‘ఈ’కి రెండో ఫార్మంట్, అంటే గొంతు, నోరు కలిసిన గొట్టం రెండో అనునాద పౌనఃపున్యం, మగవాళ్లలో 2290 హెర్ట్జ్, ఆడవాళ్లలో 2790, పిల్లల్లో 3200. స్వరతంతువుల నుంచి పెదాల దాకా ఉన్న గొట్టం పొట్టిదైతే ఫార్మంట్లు పైకి వెళ్తాయి, అంతవరకు అర్థమైంది. అలాగైతే అన్ని అచ్చులూ ఒకే నిష్పత్తిలో పెరగాలి కదా? మగవాళ్ల నుంచి ఆడవాళ్లకి ‘ఈ’ 22 శాతం పెరిగింది, ‘ఊ’ మాత్రం 870 నుంచి 950కి, అంటే 9 శాతమే. నోటితో పోల్చి చూస్తే మగవాళ్లలో గొంతు భాగం ఆడవాళ్లలో కంటే ఎక్కువ పొడవుగా ఉండటమే దీనికి కారణమా?

లొబనోవ్ పద్ధతిలో ఒక్కొక్కరి సగటు తీసేసి ప్రామాణిక విచలనంతో భాగిస్తే గుంపులు బాగానే కలుస్తున్నాయి. కానీ నా రికార్డింగుల్లో కొందరు పిల్లలు ‘ఊ’ ఉన్న మాటలే పలకలేదు. దాంతో వాళ్ల రెండో ఫార్మంట్ సగటు పెరిగి, మిగతా అచ్చులు వెనక్కి జరిగినట్టు కనిపిస్తున్నాయి. వాళ్లని వదిలేయాలా, అందరూ పలికిన అచ్చులతోనే సగటు కట్టాలా?