స్టెంట్ వేసి నాలుగు నెలలు: పన్ను పీకడానికి గోలీలు ఆపాల్నా?

పరకాల పత్తిచేను: మా నాయినకు 61 ఏండ్లు. గుండెపోటు వస్తే హన్మకొండల మందు పూత స్టెంట్ వేసిండ్రు. ఆస్పిరిన్ 75 ఒకటి, టికాగ్రెలార్ 90 పొద్దున, రాత్రి వేసుకుంటున్నడు. ఇప్పుడు దవడ పన్ను పీకాలె. రక్తం ఆగదు, ఐదు రోజులు రెండూ బంద్ చేసి రమ్మన్నరు. చేయొచ్చా?

కాజీపేట జంక్షన్: అడ్డు తీసేసిండ్రు కదా, నెల దాటితే భయం లేదు. మా దిక్కు శానమంది అట్లనే ఆపిండ్రు.

క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్: నెల లెక్క మందు పూత లేని పాత స్టెంట్లది అన్నా, అదీ గుండెపోటు రానివాళ్లకు. పైగా అడ్డును తీసేయరు. మణికట్టు దగ్గరి రక్తనాళంలోంచి సన్న తీగ పంపి, దాని మీదుగా బెలూన్ తీసుకెళ్లి ఉబ్బిస్తే కొవ్వు పక్కలకు అణుగుతుంది. అక్కడే లోహపు జాలిని విప్పి వదిలేస్తారు. ఆ జాలి రక్తానికి పరాయిది, ప్లేట్‌లెట్లు వచ్చి అంటుకుంటాయి. లోపలి పొర పెరిగి కప్పేదాకా ఈ ముప్పు ఎక్కువ. పూతలోని మందు, నాళం గోడ పెరిగి మళ్లీ మూసుకుపోకుండా ఆపుతుంది. కానీ అదే మందు ఆ పొరనూ ఆలస్యం చేస్తుంది.

ప్లేట్‌లెట్లను రేపే దారులు వేరువేరు. ఆస్పిరిన్ ఒకదాన్ని, టికాగ్రెలార్ ఇంకోదాన్ని మూస్తాయి. నాలుగో నెలలో రెండూ ఆపితే జాలిలో గడ్డకట్టి నాళం ఒక్కసారిగా మూసుకుపోవచ్చు. గుండెపోటు తర్వాత మామూలుగా 12 నెలలు రెండూ వాడాలి, ఆ తర్వాత ఎక్కువమందికి ఆస్పిరిన్ సాగుతుంది. రక్తస్రావం ముప్పున్నవాళ్లకు కార్డియాలజిస్టు ముందే తగ్గిస్తారు.

జనగామ పళ్ల డాక్టరమ్మ: ఒక్క పన్నుకు సాధారణంగా ఏదీ ఆపం. పొద్దున పూట పెట్టుకుంటే రక్తం వచ్చినా పగలే చూసుకోవచ్చు. గుంతలో జెలటిన్ స్పాంజ్ పెట్టి కుట్టేసి, గాజు గుడ్డను అరగంట గట్టిగా కొరికి పట్టమంటాం. ఉమ్మిలో కాస్త ఎరుపు ఆ రోజంతా ఉంటుంది. నోరు నిండా వస్తుంటే, ఒత్తి పట్టినా ఆగకుంటే వెంటనే రావాలి. నొప్పికి పారాసిటమాల్ చాలు, డైక్లోఫెనాక్ వద్దు.

రఘునాథపల్లి: మా అత్తమ్మకు గుండె వాల్వు మార్చిండ్రు, రక్తం గడ్డకట్టకుండ ఎసిట్రోమ్ వాడుతది. పన్నుకు ముందు రక్తం ఎంత సేపట్ల గడ్డకడ్తదో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేసిండ్రు. మీరూ చేయించుండ్రి.

క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్: ఎసిట్రోమ్‌కు ఆ పరీక్ష కావాలి. ఈ రెండు గోలీల పని అందులో కనపడదు.

పరకాల పత్తిచేను: సరే, ఆపం. ఇంకో మాట. టికాగ్రెలార్ వేసుకుంటే ఆయాసం అయితదని నాయిన రాత్రి గోలీ అప్పుడప్పుడు ఎగ్గొడుతున్నడు.

క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్: పన్ను కంటే ముందు చూడాల్సింది ఇదే. దాని ప్రభావం త్వరగా దిగిపోతుంది కాబట్టే రోజుకు రెండుసార్లు. ఆయాసం ఆ మందుతో రావచ్చు, గుండె బలహీనమైనా రావచ్చు. ఎకో చూడకుండా చెప్పలేం. మందు వల్లే అని తేలితే కొందరికి క్లోపిడోగ్రెల్‌కు మారుస్తారు, అది స్టెంట్ వేసిన డాక్టరే చెప్పాలి. పన్ను అపాయింట్‌మెంట్ కంటే ముందే తీసుకెళ్లండి. అప్పటిదాకా రాత్రి గోలీ ఎగ్గొట్టనీయకండి.