మైక్రోబయాలజీ తర్వాత డ్రగ్ సేఫ్టీకా, ట్రయల్ సైట్‌కా? అసలైన ఓపెనింగ్స్ ఎక్కడ దొరుకుతాయి?

అగర్‌ప్లేట్: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అయి ఐదు నెలలైంది. రెండు అవకాశాలున్నాయి. ఒకటి డ్రగ్ సేఫ్టీలో కేస్ ప్రాసెసింగ్, అంటే మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చూసే పని. రెండోది ఒక ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్, జీతం కాస్త తక్కువ. ఎప్పటికైనా మానిటర్ అవ్వాలని, అంటే సీఆర్ఏ పోస్టు కొట్టాలని నా కోరిక. ఇంకో సంగతి, పోర్టల్స్‌లో ఎన్ని ప్రకటనలు చూసినా సగం వాళ్లు ఫోన్ చేస్తే ముందు కోర్సు ఫీజు గురించే మాట్లాడుతున్నారు. నిజమైన ఓపెనింగ్స్ ఎక్కడ వెతకాలి?

కొత్తచిగురు: డిప్లొమా లేకపోతే ఎవరూ పిలవరు. నేను కట్టి చేరాను. ట్రయల్స్ ఎలా నడపాలో చెప్పే నియమాలు, అదే జీసీపీ, దాని సర్టిఫికెట్ లేకుండా సైట్‌లో అడుగు కూడా పెట్టనివ్వరు, కాబట్టి ముందు అది చూసుకో.

మానిటర్‌గా_పదేళ్లు: చిగురు చెప్పినదాంట్లో సగం నిజం. ట్రయల్‌లో పనిచేసేవాళ్లకి జీసీపీ శిక్షణ కావాలి, కానీ అది కొన్ని గంటల ఆన్‌లైన్ కోర్సు, ఉచితంగా ఇచ్చేవి కూడా ఉన్నాయి. దాన్ని పెద్ద డిప్లొమాలో కలిపి అమ్మడం వేరే వ్యాపారం.

ఇక అసలు ప్రశ్న. మానిటర్ చేసే పనేంటి? సైట్‌కి వెళ్లి, ఆసుపత్రి ఫైల్లో ఉన్నదీ, కోఆర్డినేటర్ ఎలక్ట్రానిక్ ఫారంలో ఎక్కించినదీ ఒకటేనా అని సరిపోల్చడం. ఫైల్లో రక్తపోటు 150 అని ఉండి ఫారంలో 130 ఉంటే క్వెరీ వేస్తాం. ఆ క్వెరీకి జవాబిచ్చేది కోఆర్డినేటరే. అందుకే రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకి మానిటరింగ్ తొందరగా వంటబడుతుంది.

అయితే చేరేముందు ఒకటి అడుగు: డెలిగేషన్ లాగ్‌లో నా పేరు ఎక్కిస్తారా? ఏ పని ఎవరికి ఏ తేదీ నుంచి అప్పగించారో పరిశోధకుడు సంతకం పెట్టే కాగితం అది. అందులో పేరు లేకుండా పనిచేయిస్తే ఆ ట్రయల్‌కే తప్పు, నీకూ తర్వాత అనుభవం చూపించుకోడానికి ఏమీ మిగలదు. ఒక్కో కోఆర్డినేటర్ చేతిలో ఎన్ని ట్రయల్స్ ఉన్నాయో కూడా కనుక్కో.

టీ_బ్రేక్: ట్రయల్‌లో చేరితే రాత్రి అక్కడే ఉండాలా? రక్తం ఎన్నిసార్లు తీస్తారు? మా తమ్ముడు కూడా అడుగుతున్నాడు.

అగర్‌ప్లేట్: బ్రదర్, నేను ఉద్యోగం గురించి అడుగుతున్నా, వాలంటీర్‌గా కాదు 😅

నారేటివ్_నాని: సేఫ్టీని తక్కువ చేయకండి. నేను అక్కడే ఉన్నా. డేటా ఎంట్రీ అనుకుని వచ్చినవాళ్లు నెలకే తడబడతారు. తలనొప్పి భరించలేనంత ఉందని రాస్తే అది తీవ్రమైనదే కానీ, మా లెక్కలో 'సీరియస్' కాదు. ఆ నొప్పితో ఆసుపత్రిలో చేర్చారంటే అప్పుడు సీరియస్. చాలా దేశాల నిబంధనల్లో, ట్రయల్‌లో మందువల్ల అని అనుమానం ఉండి, ముందు ఊహించని సీరియస్ కేసైతే 15 రోజుల్లో, మరణమో ప్రాణాపాయమో అయితే 7 రోజుల్లో నియంత్రణ సంస్థకి మొదటి రిపోర్టు చేరాలి. కంపెనీకి సమాచారం అందిన రోజు నుంచే ఆ గడియారం మొదలు. నైట్ షిఫ్టు, రోజువారీ కేసుల టార్గెట్ ఉన్నాయా అని అడుగు, చాలామంది అక్కడే విసుగెత్తి మానేస్తారు. ఇక్కణ్నుంచి సీఆర్ఏకి వెళ్లినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

మానిటర్‌గా_పదేళ్లు: ఇద్దరూ వెళ్లొచ్చు, కానీ మధ్యలో ట్రయల్ అసిస్టెంట్‌గా ఆగారా, నేరుగా వెళ్లారా? నా అనుభవంలో నేరుగా కష్టం.

నారేటివ్_నాని: ఒకరు నేరుగానే వెళ్లారు. అందరికీ కుదురుతుందని నేననను.

మానిటర్‌గా_పదేళ్లు: సరే, ఓపెనింగ్స్ సంగతి. కోఆర్డినేటర్‌ని నియమించుకునేది మందుల కంపెనీ కాదు, ఆసుపత్రో సైట్ నిర్వహణ సంస్థో. కంపెనీ కెరీర్స్ పేజీలో వెతికితే ఎలా దొరుకుతుంది? ClinicalTrials.gov తెరిచి నీ ప్రాంతం పెట్టి, Recruiting, Not yet recruiting రెండూ టిక్ చెయ్యి. ప్రతి ట్రయల్లో Contacts and Locations చూసి, వేర్వేరు స్పాన్సర్ల, అంటే ట్రయల్ నడిపించే సంస్థల కింద పదేపదే వస్తున్న ఆసుపత్రుల పేర్లు రాసుకో. Not yet recruiting ఉన్నచోట ఇంకా మనుషుల్ని తీసుకుంటూ ఉండొచ్చు. నేరుగా ఆ పరిశోధన విభాగానికి రాయి. ఒక్క ఇబ్బంది: కొందరు స్పాన్సర్లు ఆసుపత్రి పేరు దాచి 'Research Site' అని వదిలేస్తారు. Last Update Posted ఏడాది క్రితంది అయితే దాన్ని నమ్మకు.

కొత్తచిగురు: ఇది ఎవరూ చెప్పలేదు నాకు. ఫీజు కట్టేముందు ఇక్కడ అడిగి ఉండాల్సింది.

లేబుల్‌గీత: మెయిల్‌లో ఆఫర్ వచ్చిందని సంబరపడకండి. నాకు ఒకటి వచ్చింది, కంపెనీ పేరు నిజమే, మెయిల్ చిరునామాలో మాత్రం ఒక మాట ఎక్కువ. అందులోని జాబ్ నంబరుని కంపెనీ సైట్లో వెతికితే అసలు లేదు. రెండో రోజు 'ధ్రువీకరణ డిపాజిట్' అడిగారు.

అగర్‌ప్లేట్: రాత్రి కూర్చుని వెతికాను. ఆ ఆసుపత్రి పేరు మూడు ట్రయల్స్‌లో ఉంది, ముగ్గురు స్పాన్సర్లు వేరు. పొద్దున ఫోన్ చేసి లాగ్ గురించి అడిగితే 'ముందు చేరండి, తర్వాత చూద్దాం' అన్నారు. ఇప్పుడు ఏం చెయ్యను?

మానిటర్‌గా_పదేళ్లు: లాగ్‌లో పేరు ఎక్కిస్తామని మెయిల్‌లో రాసివ్వమను. రాయకపోతే సేఫ్టీ ఆఫర్ ఇంకా తెరిచే ఉందా?

అగర్‌ప్లేట్: శుక్రవారం దాకా ఉంది. మెయిల్ పెట్టాను.