ఈ వారం సమస్య: «మిత్రు నేడిపించి మేలు సేసె»

పలక-బలపం: మన నడకరాయుడు నిన్న పెట్టిన ముక్క చదివారుగా. «మూడు నెలలుగా రోజూ పొద్దున్నే నడుస్తున్నా. అరసేరు బరువు తగ్గింది. నాది కాదు, నా చెప్పులది.» దానికి ఉత్త పసుప్పచ్చ నవ్వుబొమ్మలు పెట్టి ఊరుకుంటే మనమెందుకు? ఆయన చమత్కారానికి దీటుగా జవాబు ఉండాలి, ఆయన మనసు కందకూడదు. ఛందస్సు ఆటవెలది. నాలుగో పాదం ఇదీ:

*మిత్రు నేడిపించి మేలు సేసె*

స్నేహితుణ్ణి ఏడిపించడం మేలెలా అవుతుందన్నదే ముడి. పై మూడు పాదాలతో విప్పండి.

మిరపకాయబజ్జి: బోణీ నాదే.

పొట్ట ముందు నడువ పురుషుండు వెనుకను
పుట్ట కదలినట్లు పోవుచుండె
ననుచు నొక్కరుండు నడకను నేర్పగ
మిత్రు నేడిపించి మేలు సేసె

సైకిలుగంట: హహహ! పొట్ట ముందు, మనిషి వెనక! గణాలు లెక్కపెట్టాను, అన్నీ సరిపోయాయి. దీనికే నా ఓటు.

నడకరాయుడు: బాగుందండి.

వేపచెట్టు: బజ్జీ, గణాలకు వంక లేదు. యతి కూడా చక్కగా పడింది. కానీ రాయుడుగారు నోరు తెరిస్తే పది వాక్యాలు రాసే మనిషి. ఆయన «బాగుందండి» అని ఒక్క మాటతో ఆపేశాడంటే పద్యం ఎక్కడో గుచ్చుకున్నట్టే. ఆయన తెచ్చిన సరుకు చెప్పులు. పొట్ట మాట ఆయన ఎత్తలేదు, నువ్వు తెచ్చావు. ఎదుటివాడు తన మీద తాను వేసుకున్న జోకుకు బదులిచ్చేటప్పుడు, అతను బల్ల మీద పెట్టిన వస్తువును తీసుకోవచ్చు. జేబులో దాచుకున్నదాన్ని లాగకూడదు.

మిరపకాయబజ్జి: అయ్యో, చనువుకొద్దీ అన్నాను గురువుగారూ. రాయుడన్నా, ఏమనుకోకే.

నడకరాయుడు: ఏం లేదు తమ్ముడూ. డాక్టరు షుగరు చూసి నడవమంటే మొదలుపెట్టాను. ఇంట్లో రోజూ పొట్ట మీదే ప్రవచనం. ఇక్కడ కూడా అదేనా అనిపించింది, అంతే.

వేపచెట్టు: ఆ పాదాన్ని పారేయనక్కర్లేదు, నీ మీదికి తిప్పుకో చాలు. «పొట్ట ముందు నడువ పోయెద నే వెన్క» అను. పొ-పో యతి నిలిచింది, నవ్వు కూడా నిలిచింది, పొట్ట నీదైంది. మిగతా రెండు పాదాలు నువ్వే సర్దుకో.

గోరింటాకు: నేనైతే చెప్పులు వదల్లేదు.

చెప్పు లరిగె నంచు చెప్పెడి వానికి
కాలి జోడె గెలిచె కప్పు ననుచు
కొత్త జోడు గొనెడి కుంటిసాకు నొసగి
మిత్రు నేడిపించి మేలు సేసె

నడకరాయుడు: కప్పు జోడుకా! మరి మూడు నెలలు పొద్దున్నే అయిదింటికి లేచింది ఎవరమ్మా? దుప్పటి తన్నేసింది ఎవరు, వీధికుక్కలతో సంధి చేసుకున్నది ఎవరు? చెప్పులు గుమ్మం దగ్గర హాయిగా పడుకునేవి. నేనే వాటిని లేపేవాణ్ణి. అయినా కొత్త జోడు మాట మా ఆవిడకు చూపించాను, «సరే, కొనుక్కోండి» అంది. మేలు జరిగినట్టే.

సైకిలుగంట: రెండో పాదంలో యతి తప్పింది కదండీ? «కా» దీర్ఘం, «కప్పు»లో «క» హ్రస్వం.

వేపచెట్టు: తప్పలేదు. యతికి అ, ఆ ఒక్క గూటి పక్షులే. ఐ, ఔ కూడా వాటితోనే కలుస్తాయి. నువ్వు హల్లు సరిగ్గానే చూశావు, అచ్చు దగ్గర తొందరపడ్డావు. మొదటి పద్యంలో «పొట్ట»కు «పురుషుండు» పడితే నువ్వేమీ అనలేదు. అక్కడ ఒ, ఉ కలిశాయి కదా.

గోరింటాకూ, నా ఫిర్యాదు వేరే. ఏడిపించింది ఎవరు? నీ పద్యంలో కర్త లేడు. బజ్జీ కనీసం «ఒక్కరుండు» అని ఒక మనిషిని నిలబెట్టాడు.

గోరింటాకు: కర్తను నేనే కదండీ! కానీ ఒప్పుకుంటాను, పద్యం బయట నిలబడి చెప్పడం చెల్లదు.

తాటాకు: నాకు «కుంటిసాకు» దగ్గర కాలు ఆగింది. మా అన్నయ్య చిన్నప్పటి నుంచీ కర్ర పట్టుకునే నడుస్తాడు. రోజూ వాడే మాటేలెండి, ఎవరూ కావాలని అనరు. కానీ పక్కనే చెప్పులు, కాళ్ళు, నడక ఉన్నాయి కాబట్టి ఆ మాట అసలు అర్థం పైకొచ్చింది.

గోరింటాకు: నిజం చెప్పాలంటే, ఆ రెండో అర్థం కోసమే ఆ మాట ఏరుకున్నాను. «కొత్త జోడు గొనగ గుట్టైన సాకిచ్చి» అంటే సరేనా? యతి నిలుస్తుంది, చమత్కారం మాత్రం కొంచెం చప్పబడింది.

వేపచెట్టు: చప్పబడిందన్నది నిజమే. నేనైతే మార్చిన పాఠాన్నే ఉంచుతాను.

మిరపకాయబజ్జి: నేనైతే పాతదే ఉంచుతా. జాతీయాలన్నీ ఇలా జల్లెడ పడితే పద్యంలో పొట్టు కూడా మిగలదు.

కొబ్బరాకు: మిత్రుడంటే సూర్యుడు కూడా కదండీ! నా పూరణ:

పండనుచును నెగిరి పట్టగ బోయిన
బాలుడొకడు నేర్చె పాఠములను
రవినె గురువు జేసి రాజిల్లె హనుమయ్య
మిత్రు నేడిపించి మేలు సేసె

వేపచెట్టు: శ్లేష పట్టావు, భేష్. కానీ ఒక చిక్కుంది. నీ హనుమ పాఠాలు నేర్చుకుని మేలు పొందాడు. సమస్య «సేసె» అంటోంది. ఎవరికి చేశాడు? ఒక్క మాటలో ఎక్కడైనా చెబితే ముడి విడుతుంది. పైగా రాయుడుగారి చెప్పుల ప్రస్తావనే లేదు.

కొబ్బరాకు: ఆయన ఏదో పెట్టారని నాకు తెలీదండీ. సమస్య చూశాను, పూరించాను.

పలక-బలపం: పైన రాసిందే అదీ! పోన్లే, విడిగా పద్యం బాగుంది.

ఈ మాట మీద కుంజరయూథం కథ గుర్తొచ్చింది. «కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్», అంటే ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందని సమస్య ఇస్తే, తెనాలి రామకృష్ణుడు ఇచ్చినవాడి మీదికే తిట్టుగా తిప్పి పూరించాడట. అదే పాదం రాయలవారు అడిగేసరికి, పాండవులు విరటుడి కొలువులో తలదాచుకున్న సందర్భానికి అతికించాడట. కథ నిజమో కాదో గాని, పాదం ఒక్కటే, జవాబులు రెండు. మొదటిదానికి జనం పగలబడి నవ్వుతారు. కానీ దాన్ని స్నేహితుడికి పంపగలమా అన్నదే నా అనుమానం.

తాటాకు: అవధానంలో అప్రస్తుత ప్రసంగి కూర్చునేది ఈ పరీక్ష కోసమే కదా. అవధాని పద్యం అల్లుతుంటే మధ్యలో గిల్లుతాడు. సభ నవ్వాలి, గిల్లినవాడూ నవ్వాలి, అల్లిక తెగకూడదు.

వేపచెట్టు: ఇంతసేపూ ఇతరుల తప్పులే పట్టాను, నాదీ చూడండి. ఏడిపించడమంటే ఆటపట్టించడం, కన్నీళ్ళు పెట్టించడం, రెండూనూ. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తిరిగితే రెండూ ఒక్కటవుతాయి.

అరిగి జోడె చూడ నరసేరు తగ్గెను
శ్రమను బడిన దదియె సన్నమయ్యె
ననుచు బదులు పలికి నవ్వుల కన్నీట
మిత్రు నేడిపించి మేలు సేసె

గోరింటాకు: మూడో పాదం నాకు బాగా నచ్చింది. ముడి అక్కడే విడింది. కానీ గురువుగారూ, మొదటి పాదం రాయుడుగారి జోకే. దానికి ఆటవెలది చొక్కా తొడిగారు, అంతే. నేను జోడుకు కప్పు ఇచ్చాను. మీరు ఏమిచ్చారు?

వేపచెట్టు: «శ్రమను బడిన దదియె» ఇచ్చాను. కష్టపడ్డదే సన్నబడిందని న్యాయం చెప్పాను.

గోరింటాకు: అది కొసరు. అసలు సరుకు ఆయనదే.

సైకిలుగంట: శ్రకు సన్నకు యతి ఎలాగండీ?

వేపచెట్టు: శ, ష, స కలుస్తాయి. ఈసారి తీర్పు చెప్పకుండా అడిగావు, సంతోషం. కర్త మాటకొస్తే నా పద్యంలోనూ లేడు. గోరింటాకు ఇంకా చూడలేదు గాని, చూసే లోపు నేనే ఒప్పేసుకుంటున్నాను.

గోరింటాకు: చూశాను. పెద్దవారని ఊరుకున్నాను.

పలక-బలపం: తీర్పు రాయుడుగారిదే.

నడకరాయుడు: కన్నీళ్ళొచ్చింది వేపచెట్టు గారి పద్యానికి. జోడు వచ్చింది గోరింటాకు గారి పద్యానికి. ఏదో ఒకటి చెప్పమంటే నా వల్ల కాదు. బజ్జీ, నీ పుట్ట పాదం సర్దుకున్నావా? రేపు పొద్దున్న అయిదింటికి చెరువుగట్టు దగ్గరికి రా, నడుస్తూ వింటా. పాత చెప్పులతోనే వస్తా, వాటికి కూడా వినిపించాలి.

మిరపకాయబజ్జి: అయిదింటికా అన్నా! ఏడిపిస్తున్నావు.