నెగటివ్ స్కాన్‌లో గడ్డి మీద పడిన నారింజ రంగు తేదీని ఆకృతి చెడకుండా తీయడం ఎలా?

ఖిలా వరంగల్ కీర్తి తోరణం ముందు 1998లో మా కుటుంబం దిగిన ఫొటో నెగటివ్‌ను 2400 డీపీఐ వద్ద, 16 బిట్ టిఫ్‌గా స్కాన్ చేశాను. కెమెరానే తేదీని ఫిల్ము మీద ముద్రించినందున అది నెగటివ్‌లోనే ఉంది. కుడివైపు కింది మూలన, గడ్డి మీద, అంకెలు సుమారు 60 పిక్సెళ్ల ఎత్తున ఉన్నాయి. వాటి చుట్టూ పలుచని ఎర్రటి కాంతి వలయం కూడా వ్యాపించింది.

గింప్‌లో హీల్ టూల్ వాడితే, అది అంచుల రంగును లోపలికి లాగుతుంది కనుక, ఆ వలయపు నారింజ ఛాయ గడ్డిలోకి పాకింది. క్లోన్ టూల్‌తో ఒకే గడ్డి దుబ్బు పదేపదే కనబడింది. ఇదే రీలులో నిలువుగా తీసిన మరో ఫొటోలో తేదీ ఆకాశం మీద పడింది. అక్కడ మెత్తని అంచుగల బ్రష్ ఫిల్ము గ్రెయిన్‌ను చెరిపేసి నున్నటి మచ్చను మిగిల్చింది.

చానెళ్లను విడదీసి చూస్తే ఎరుపులో అంకెలు పూర్తిగా తెల్లబడ్డాయి, ఆకుపచ్చలో కొంతమేర దెబ్బతిన్నాయి, నీలంలో మాత్రం గడ్డి పరకలు దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నాకు ఆశ కలిగించింది ఇదొక్కటే. అయితే అంకెల మేరకు నీలం చానెల్‌ను మిగతా రెండింటిలోకి కాపీ చేసి లెవెల్స్ సరిచేసినప్పుడు, గడ్డి బూడిద రంగుకు తిరిగింది, గ్రెయిన్ కూడా చుట్టుపక్కల కంటే ముతకగా వచ్చింది.

నీలం చానెల్‌లోని గడ్డి వివరాన్ని మాత్రమే తీసుకొని, రంగును, గ్రెయిన్‌ను పక్కనున్న గడ్డికి సరిపోయేలా కలపడానికి గింప్‌లో ఏ క్రమంలో పనిచేయాలి?