ఏడేళ్ల అనుభవం ఉన్న రెజ్యూమెకి స్కోర్ 19 వస్తోంది, తప్పు ఎక్కడుందో చెప్పండి

లెక్కలమ్మాయి
రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు ఒంటిగంటన్నర అయింది. ఇక నా వల్ల కావట్లేదు. బీకామ్, సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసయ్యాను. గుంటూరులో ఏడేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. టాలీ, జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్, బ్యాంకు లెక్కలు సరిచూడటం, అన్నీ నా చేతిమీదే నడుస్తాయి. రెండు నెలల్లో హైదరాబాద్ ఉద్యోగాలకి నలభై పైనే అప్లై చేశాను, ఒక్క ఫోనూ రాలేదు. ఇవాళ ఒక సైట్‌లో రెజ్యూమె పెట్టి చూస్తే వందకి 19 అంది. నా దగ్గర ఏడాదిన్నర పని నేర్చుకున్న అమ్మాయికి అక్కడే 74 వచ్చింది. ప్రకటనల్లో ఉన్న మాటలన్నీ చేర్చి ఈ వారంలో నాలుగుసార్లు మార్పించాను. నాలుగూ పెట్టి చూశాను. ప్రతిసారీ 19. ఇంకేం రాయాలి?

రిటైర్డ్_మాస్టారు
అమ్మా, ముందు ఒకటి తెలుసుకోవాలి. రెజ్యూమె వేరు, సీవీ వేరు, బయోడేటా వేరు. మన పిల్లలు మూడింటినీ కలిపేసి తండ్రి పేరు, మతం, ఫొటో, కింద సంతకంతో సహా పంపుతున్నారు. రెజ్యూమె అంటే ఆ ఉద్యోగానికి కావలసినంత మటుకే. నీది ఎన్ని పేజీలు? రెండు దాటితే చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

లెక్కలమ్మాయి
రెండే పేజీలు మాస్టారూ. ఫొటో లేదు, తండ్రి పేరు లేదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
పీడీఎఫ్ తీసేసి వర్డ్ ఫైల్ పెట్టండి. కంపెనీల్లో రెజ్యూమెలు చదివే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్ చదవదు.

హెచ్ఆర్_పన్నెండేళ్లు
అది పాతమాట తమ్ముడూ. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ పీడీఎఫ్‌లే, సాఫ్ట్‌వేర్ వాటిని బాగానే చదువుతుంది. ఇంకో సంగతి, ఆ సైట్ ఇచ్చిన స్కోర్ ఏ కంపెనీకీ కనిపించదు. ఒక్కో సైట్‌ది ఒక్కో లెక్క. మేం చేసేది వెతకడం. "టీడీఎస్", "జీఎస్టీ", "5 ఏళ్లు" అని కొడతాం, దొరికినవాళ్లని తెరిచి చూస్తాం. కాబట్టి స్కోర్ పక్కన పెట్టి ఇది చెప్పమ్మా. జాబ్ సైట్‌లో రెజ్యూమె అప్‌లోడ్ చెయ్యగానే పేరు, చదువు, పాత ఉద్యోగాలు వాటంతటవే ఫారంలో నిండుతున్నాయా?

లెక్కలమ్మాయి
లేదండి. ఫోన్ నంబరు ఒక్కటి వస్తుంది, మిగతా గళ్లన్నీ ఖాళీ. నేనే టైప్ చేసుకుంటాను. ఒక్కో అప్లికేషన్‌కి అరగంట పడుతోంది. అందరికీ అంతే అనుకున్నాను.

హెచ్ఆర్_పన్నెండేళ్లు
అందరికీ అలా కాదు. కొన్ని తప్పుగా నిండటం మామూలే, పేరు కూడా రాకపోవడం మామూలు కాదు. ఈ మాట మొదటే రాయాల్సింది.

నెల్లూరు_టెస్టర్
తేలిపోయింది, అది స్కాన్ కాపీ. పరీక్ష చాలా తేలిక. పీడీఎఫ్ తెరిచి 400 శాతం జూమ్ చేయండి. అక్షరాల అంచులు మసకబారితే అది ఫొటో, మెషీన్‌కి అక్షరాలు కనపడవు.

లెక్కలమ్మాయి
800 దాకా పెంచి చూశానండి. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. స్కాన్ చేసింది కాదు.

నెల్లూరు_టెస్టర్
అయితే ఫైల్‌లో దోషం లేదు. రాసిన తీరులోనే ఉంది.

డీటీపీ_పాతకాపు
తొందరపడకండి. మొదటి పోస్టులో రెండు మాటలు ఉన్నాయి. నాలుగుసార్లు మాటలు మార్చినా స్కోర్ ఒక్క అంకె కూడా కదల్లేదు అంటోంది. మాటలు మారితే అంకె ఎంతో కొంత కదలాలి. కదల్లేదంటే ఆ మాటలు మెషీన్ దాకా చేరలేదు. రెండోది, "మార్చాను" అనలేదు, "మార్పించాను" అంది. ఎవరిచేత తల్లీ?

లెక్కలమ్మాయి
మా బావగారికి ప్రింటింగ్ ప్రెస్ ఉంది. డిజైన్ బాగుంటుందని ఆయనే చేసి పెట్టారు. నేను వాట్సాప్‌లో మార్పులు రాసి పంపితే పీడీఎఫ్ పంపుతారు. కొత్త ఫోన్ నంబరు, ఇప్పటి ఉద్యోగం లైను మాత్రం ప్రతిసారీ నేనే మొబైల్‌లో పీడీఎఫ్ యాప్‌తో అతికిస్తాను.

డీటీపీ_పాతకాపు
అనుకున్నాను. కోరెల్‌డ్రాలో చేసి ఉంటారు. ఆ పీడీఎఫ్ కంప్యూటర్‌లో తెరిచి Ctrl+A నొక్కు. ఎంత భాగం నీలంగా మారుతుందో చూడు. తర్వాత Ctrl+C కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, ఏం వస్తే అది ఇక్కడ పెట్టు. ఫోన్ నంబరు మాత్రం తీసేసి పెట్టు.

లెక్కలమ్మాయి
రెండు పేజీల్లో రెండే రెండు లైన్లు నీలమయ్యాయి. నోట్‌ప్యాడ్‌లో వచ్చింది ఇంతే:

```
Mobile:
Senior Accountant, 2022 - Present
```

నా ఏడేళ్లూ ఎక్కడికి పోయాయండి?

డీటీపీ_పాతకాపు
ఎక్కడికీ పోలేదు, గీతలైపోయాయి. ప్రెస్సుల్లో ఇది రోజూ చేసే పనే. శుభలేఖ గానీ ఫ్లెక్సీ గానీ బయటికి పంపేటప్పుడు అక్షరాలన్నిటినీ కర్వ్స్ చేసి పంపుతాం. అవతలి సిస్టమ్‌లో మన ఫాంట్ లేకపోతే అక్షరం మారిపోతుంది, అదీ భయం. కర్వ్స్ చేశాక "A" అనేది అక్షరం కాదు, A ఆకారంలో ఉన్న గీతల బొమ్మ. కంటికి తేడా తెలియదు. గీతలు కాబట్టి ఎంత జూమ్ చేసినా పగలదు, అందుకే నెల్లూరు గారి పరీక్షకి దొరకలేదు. మెషీన్‌కి మాత్రం అక్కడ ఒక్క అక్షరమూ లేదు. నువ్వు యాప్‌తో అతికించిన రెండు లైన్లే నిజమైన అక్షరాలు. ఆ 19 వాటికి వచ్చిందే. ఏడేళ్లలో ఒక్క ఉద్యోగమే దానికి కనపడింది.

బావగారిది తప్పనకు. ప్రింటుకి అదే సరైన పద్ధతి.

ఆయనకి ఈ మాట చెప్పు. పీడీఎఫ్ చేసేటప్పుడు సెట్టింగ్స్‌లో Objects దగ్గర "Export all text as curves" అని ఉంటుంది, ఆ టిక్ తీసేయాలి. కానీ ఆయన అసలు ఫైల్‌లోనే Ctrl+Q కొట్టి సేవ్ చేసి ఉంటే టిక్ తీసినా లాభం లేదు. అక్షరాలు వెనక్కి రావు, మళ్లీ టైప్ చేసుకోవాల్సిందే.

కూకట్‌పల్లి_కుర్రాడు
టైపింగ్ ఎందుకు, బొమ్మలోంచి అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్ కొట్టండి. ఐదు నిమిషాల పని.

నెల్లూరు_టెస్టర్
అంటే ఇమేజే కదా! నేను అన్నదీ అదే.

డీటీపీ_పాతకాపు
ఇమేజ్ కాదండీ, వెక్టర్. ఇమేజ్ అంటే చుక్కలు, ఇది గీతలు. మాటల పట్టింపు కోసం చెప్పట్లేదు. మీ జూమ్ పరీక్ష నమ్ముకుంటే ఆ అమ్మాయి ఇంకో రెండు నెలలు ఇదే ఫైల్ పంపేది.

నెల్లూరు_టెస్టర్
మెషీన్ చదవలేదన్నంత వరకు రెండూ ఒకటే.

రిటైర్డ్_మాస్టారు
నాకూ ఇలాంటిదే జరిగింది. పెన్షన్ విషయమై తెలుగులో అర్జీ టైప్ చేయించాను, అను ఫాంట్లలో. కాగితం మీద ముత్యాల్లా ఉంది. ఫైల్ మెయిల్ చేస్తే అవతల అంతా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపించాయట. మూడు వారాలు ఆఫీసు చుట్టూ తిరిగాను. నాదీ కర్వ్స్ వ్యవహారమేనా?

డీటీపీ_పాతకాపు
కాదు మాస్టారూ, మీది వేరే. మీ ఫైల్‌లో అక్షరాలు ఉన్నాయి, కాకపోతే లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులు. అను ఫాంట్ వాటికి తెలుగు వేషం వేసింది. అవతల ఆ ఫాంట్ లేకపోయేసరికి వేషం తొలగిపోయింది. యూనికోడ్‌లో టైప్ చేయిస్తే ఆ బాధ ఉండదు. మీరు అడిగారు కాబట్టి ఇంకో మాట. Ctrl+A కొడితే నీలంగా మారినంత మాత్రాన సరిపోదు, పేస్ట్ చేసి కూడా చూసుకోవాలి. కొన్ని పీడీఎఫ్‌లలో అన్నీ నీలంగానే మారతాయి, పేస్ట్ చేస్తే డబ్బాలూ పిచ్చిగుర్తులూ వస్తాయి. మెషీన్‌కి చేరేదీ అవే.

లెక్కలమ్మాయి
బావగారిని అడిగాను, ఫైల్‌లోనే కర్వ్స్ చేసేశారట, పాతది లేదన్నారు. పాపం ఆయన చాలా బాధపడ్డారు. ఓసీఆర్ కూడా చేసి చూశాను. చూడ్డానికి బాగానే వచ్చింది గానీ GSTR-2B అన్నది GSTR-28 అయింది. ఒకచోట 2018 కాస్తా 2013 అయింది. ఇది పంపితే అబద్ధం రాసినట్టవుతుంది. వర్డ్‌లో మొదటినుంచీ టైప్ చేస్తున్నాను.

హెచ్ఆర్_పన్నెండేళ్లు
మంచిపని. ఒకే నిలువు వరుసలో రాయి, పక్కపక్కన రెండు కాలమ్‌లు వద్దు, టెక్స్ట్ బాక్సులు వద్దు. ఉద్యోగం పేరు, సంస్థ, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఆ వరుస అన్ని ఉద్యోగాలకీ ఒకేలా ఉండాలి. అయ్యాక వర్డ్‌లోంచే పీడీఎఫ్‌గా సేవ్ చెయ్యి.

లెక్కలమ్మాయి
(మర్నాడు సాయంత్రం)
అయింది. అదే సైట్‌లో 61. మాటలు దాదాపు పాతవే, ఒక్క కొత్త అర్హత కూడా చేర్చలేదు! జాబ్ సైట్‌లో పేరు, చదువు, మూడు ఉద్యోగాలు వాటంతటవే నిండాయి. చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఇప్పుడు ఫోన్, మెయిల్ గళ్లు ఖాళీగా వస్తున్నాయి. నోట్‌ప్యాడ్‌లో మాత్రం రెండూ ఉన్నాయి.

హెచ్ఆర్_పన్నెండేళ్లు
అవి పైన హెడర్‌లో పెట్టావా?

లెక్కలమ్మాయి
అవునండి, రెండు పేజీల్లోనూ కనిపిస్తాయని.

హెచ్ఆర్_పన్నెండేళ్లు
కొన్ని సాఫ్ట్‌వేర్లు హెడర్, ఫుటర్ వదిలేస్తాయి. పేరు కింద మామూలు లైనుగా రాయి. ఇంకోటి, నువ్వు బీఆర్ఎస్ అని రాసి ఉంటావు, ప్రకటనలో "బ్యాంక్ రీకన్సిలియేషన్" అని ఉంటుంది. మనిషికి రెండూ ఒకటే, వెతికే పెట్టెకి కాదు. ఒక్కసారైనా రెండూ పక్కపక్కన రాయి.

లెక్కలమ్మాయి
నిజమే, బీఆర్ఎస్ అనే రాశాను. రెండూ సరిచేశాక ఫోన్, మెయిల్ వస్తున్నాయి. స్కోర్ 69.

కూకట్‌పల్లి_కుర్రాడు
వర్డ్ ఫైలే అప్‌లోడ్ చేసి ఉంటే ఈ గొడవ లేదు, మొదటే చెప్పాను.

డీటీపీ_పాతకాపు
ఆ అమ్మాయి దగ్గర వర్డ్ ఫైల్ ఉంటే కదయ్యా.

లెక్కలమ్మాయి
ఒక్క సందేహం మిగిలింది. పాత నలభై అప్లికేషన్లలో ఉన్నది ఆ గీతల ఫైలే కదా. అక్కడ ఫైల్ మార్చొచ్చా, లేక వెనక్కి తీసుకుని మళ్లీ పెట్టాలా? అలా చేస్తే చెడ్డగా అనుకుంటారా?

హెచ్ఆర్_పన్నెండేళ్లు
మా దగ్గరైతే ప్రొఫైల్‌లో కొత్తది పెడితే అదే కనిపిస్తుంది. అన్నిచోట్లా అలా ఉండదు. ప్రకటన ఇంకా తెరిచి ఉంటే మళ్లీ పెట్టడంలో తప్పు లేదని నా అభిప్రాయం.

నెల్లూరు_టెస్టర్
రెండుసార్లు అప్లై చేస్తే డూప్లికేట్ అని పక్కన పడేస్తారని మా ఫ్రెండ్ అన్నాడు. ఎవరైనా చూశారా?

రిటైర్డ్_మాస్టారు
అమ్మా, కొత్తదాంట్లో డిక్లరేషన్, సంతకం తీసేశావా?

లెక్కలమ్మాయి
తీసేశాను మాస్టారూ. అందరికీ థ్యాంక్స్, డీటీపీ బాబాయ్‌కి మరీ. ఇంకా తెరిచి ఉన్న ప్రకటనలు పదకొండు కనిపిస్తున్నాయి, వాటికి మళ్లీ పెడుతున్నాను.