ఎక్కువసార్లు వచ్చిన కారణమా, ఎక్కువ సొమ్ము పట్టుకెళ్లిన కారణమా?

కొత్తవాడ మగ్గం: మా దర్రీలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. చిన్నది 400 రూపాయలు, పెద్దది 2,800. గత నెల రిటర్న్‌ల తెరను తమ్ముడు స్క్రీన్‌షాట్ తీసి పంపాడు. పైన మొత్తం 44 అని ఉంది. నేను లెక్కపెడితే సైజు 18, ఫొటోలో ఉన్న రంగు లేదు 10, నాణ్యత బాగాలేదు 7, చిరిగి వచ్చింది 5. రీఫండ్‌లలో ఎక్కువ పోతున్నది సైజు వల్లే కదా?

జనగామ బట్టల కొట్టు: సైజే, సందేహం ఎందుకు? దాదాపు సగం అదే. చిన్న దర్రీని ఒక్కదాన్నే ఫొటో తీస్తే మంచానికి సరిపడా ఉంటుందని అనుకుంటారు. పక్కన కుర్చీ పెట్టి తీయండి, రిటర్న్‌లు వాటంతట అవే తగ్గుతాయి.

హన్మకొండ ఖాతాలు: ఫొటో సలహా మంచిదే, తీర్పు మాత్రం తొందరపాటు. అక్కా, మీ నాలుగు అంకెలు కూడితే 40 వస్తోంది, తెర మీద 44 ఉంది. ఆ నాలుగూ ఎక్కడున్నాయో తేలేదాకా గుణకారం మొదలుపెట్టకండి. స్క్రీన్‌షాట్‌లో చివరి వరుస తెగిపోయి ఉండవచ్చు, లేదా రెండో పేజీ ఉండవచ్చు. కొనుగోలుదారే రద్దు చేసుకున్న రిటర్న్‌లను కూడా పై మొత్తంలో కలిపి ఉండవచ్చు. ఆర్డర్ నంబర్లు ఒక్కొక్కటిగా సరిచూసి, ప్రతి దాని పక్కన చిన్నదా పెద్దదా అని రాయండి.

కరీంనగర్ ఫిలిగ్రీ: మాకూ ఇదే గోల. వెండి కుంకుమ భరిణెలు పంపితే డబ్బు ఇంటి దగ్గర ఇచ్చే ఆర్డర్లు సగం తలుపు దాకా వెళ్లి తిరిగొస్తాయి. ఆ పద్ధతి ఆపేయండి, సమస్య తీరిపోతుంది.

హన్మకొండ ఖాతాలు: అన్నా, మీది వేరే సంగతి. తలుపు దగ్గరే వద్దన్నవాళ్లు డబ్బే కట్టలేదు, ఇక రీఫండ్ ఎక్కడిది? అక్కడ పోయేది రవాణా ఖర్చు. దాన్ని ఈ పట్టికలో కలిపితే రెండు లెక్కలూ చెడతాయి.

కొత్తవాడ మగ్గం: చూశాను. నాలుగూ రద్దయినవే, కాబట్టి 40 సరైనదే. సైజులో చిన్నవి 16, పెద్దవి 2. రంగు తేడాలో చిన్నవి 7, పెద్దవి 3. నాణ్యతలో చిన్నది 1, పెద్దవి 6. చిరిగినవి అయిదూ చిన్నవే.

హన్మకొండ ఖాతాలు: ఇప్పుడు చూడండి. సైజు పేరిట వెనక్కి ఇచ్చింది 12,000. రంగు తేడాకు 11,200, చిరిగినవాటికి 2,000. నాణ్యతకు 17,200. మొత్తం 42,400లో ఏడు పార్సిళ్లే అయిదింట రెండు వంతుల సొమ్ము తిన్నాయి. స్క్రీన్‌షాట్‌లో కిందెక్కడో ఉన్న వరుస ఇది. డబ్బు వాపసు వరుసలు షీట్‌లో ఎక్కించుకుంటే కారణం B లో, మొత్తం C లో పెట్టి ఒక్క సూత్రం చాలు:

```
=SUMIFS(C:C,B:B,"నాణ్యత*")
```

కానీ ‘నాణ్యత’ అనే పెట్టెలో ఏముందో ఆ పేరు చెప్పదు. కొన్నవాళ్లు రాసిన మాటలు చదివారా?

కొత్తవాడ మగ్గం: పెద్దవి ఆరింటిలో అయిదు ఎరుపు, నలుపు చారల డిజైనే. ‘తడి గుడ్డతో తుడిస్తే టైల్స్ మీద ఎర్రటి మరక పడింది’ అని ఇద్దరు రాశారు. ఒకామె ‘దళసరిగా లేదు’ అని రాసింది. మిగతావాళ్లు ఏమీ రాయలేదు.

జనగామ బట్టల కొట్టు: ఇద్దరి మాట పట్టుకుని నూలునే అనుమానిస్తారా? ‘నచ్చలేదు’ అనడం బాగుండదని ‘నాణ్యత’ నొక్కేవాళ్లు బోలెడుమంది. పైగా రీఫండ్ అంతా నష్టం కాదు. సైజు పేరిట తిరిగొచ్చిన దర్రీని దులిపి మళ్లీ అమ్ముకుంటారు.

హన్మకొండ ఖాతాలు: ఆ చివరి మాట నాకే బలం ఇస్తోంది. సైజు దర్రీ మళ్లీ అమ్ముడవుతుంది, పోయేది రానుపోను రవాణా. రంగు దిగిన దర్రీని పూర్తి ధరకు ఎవరికి అంటగడతారు? నిజమైన నష్టం లెక్కిస్తే ఆ రెండింటి మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. మొదటి అనుమానం మాత్రం నిజమే, ఇద్దరి మాట సాక్ష్యంగా చాలదు. తిరిగొచ్చిన దర్రీ మీద తడిపిన తెల్ల నూలుగుడ్డతో ఎర్ర చారను గట్టిగా రుద్దండి. గుడ్డ ఎర్రబడితే అద్దకంలోనే లోపం ఉంది. అదే నూలుతో నేసిన ఎన్ని పెద్ద దర్రీలు అమ్మారో కూడా చూడండి. అయిదు వందలలో అయిదు వేరు, ఇరవైలో అయిదు వేరు.

కొత్తవాడ మగ్గం: ఆ డిజైన్‌వి 31 అమ్మాం. తిరిగొచ్చినవాటిలో మూడింటిని రుద్దాను. రెండింటికి గుడ్డ గులాబీ రంగుకు తిరిగింది, ఒకదానికి ఏమీ కాలేదు.

జనగామ బట్టల కొట్టు: అంటే ఒక విడత అద్దకంలో తేడా, డిజైన్‌ది కాదు. ఫొటో మార్చడానికి రూపాయి ఖర్చు లేదు కనుక అది ఈ రోజే మార్చండి అన్న నా మాట నేను వెనక్కి తీసుకోను.

హన్మకొండ ఖాతాలు: మార్చండి, వద్దన్నదెవరు? ఆ డిజైన్ అమ్మకం మాత్రం ఈ రాత్రే ఆపండి. గోదాములో ఉన్న ప్రతి ముక్కనూ రుద్ది చూశాకే మళ్లీ పెట్టండి.

కొత్తవాడ మగ్గం: అద్దకం చేసినాయన ఒప్పుకుంటాడో లేదో. నూలు ఇచ్చింది మేమే, రంగు ఇచ్చింది ఆయన.