స్కాన్‌లో వచ్చిన వర్సాయ్ సంధి జవాబు: 3 మార్కులా, 5 మార్కులా?

కొత్తగా దిద్దుతున్నా:
చరిత్ర పేపర్లు స్కాన్ కాపీల మీద దిద్దడం నాకిదే మొదటిసారి. ఒక జవాబు దగ్గర ఆగిపోయాను. ప్రశ్న: వర్సాయ్ సంధి జర్మనీపై విధించిన షరతులేవి? వాటి ఫలితమేమిటి? మొత్తం 6 మార్కులు.

స్కీమ్‌లో 5 షరతులిచ్చారు: యుద్ధ బాధ్యత, నష్టపరిహారం, సైన్యం లక్షకు పరిమితం, అల్సాస్-లోరైన్, వలసల వంటి భూభాగాలు పోవడం, రైన్‌లాండ్‌లో సైన్యం ఉండకూడదనడం. వీటిలో ఏ నాలుగు రాసినా 4 మార్కులు. ఫలితం చెబితే 1, దాన్ని షరతులతో ముడిపెట్టి వివరిస్తే ఇంకో 1.

పిల్లవాడి జవాబు ఉన్నదున్నట్టు:

"1918లో వర్సాయ్ సంధి జరిగింది. యుద్ధానికి జర్మనీయే కారణమని ఒప్పించారు. తప్పంతా జర్మనీదే అన్నారు. చాలా డబ్బు కట్టమన్నారు. సైన్యం 10000 మించకూడదు. అల్సాస్ లోరైన్ ఫ్రాన్స్‌కి ఇచ్చేశారు. రైన్ ఒడ్డున సైన్యం ఉండకూడదు. అందువల్ల జర్మన్లకు కోపం వచ్చి హిట్లర్‌ని నమ్మారు."

రైన్ వాక్యం మీద అడ్డంగా గీత ఉంది, కొట్టేసినట్టుంది. చివర ఇంకో వరుస ఉంది కానీ కింద సగం తెగిపోయింది. నేను 3 వేశాను, రెండోసారి దిద్దినావిడ 5 వేశారు. ఎవరిది సరి?

నిక్కచ్చి:
3 కూడా ఎక్కువే. సంవత్సరమే తప్పు, అక్కడే అర మార్కు పోవాలి. కొట్టేసిన వాక్యాన్ని చూడనే కూడదు. ఒకే మాట రెండుసార్లు రాస్తే ఒక్క మార్కే, అందులో సందేహం లేదు.

ఎర్రసిరా:
ఒకే మాట గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం సార్. మిగతా రెండూ ఒప్పుకోలేను. ఈ స్కీమ్‌లో మార్కులు కూడుకుంటూ పోవడమే ఉంది, తీసేయడం ఎక్కడా లేదు. 1918 నవంబరు 11న జరిగింది యుద్ధ విరమణ, సంధి మీద సంతకాలైంది 1919 జూన్ 28న. ఆ తేడా పిల్లవాడికి తెలియాలి కాబట్టి మార్జిన్‌లో సరిచేసి చూపండి. కానీ సంవత్సరానికి స్కీమ్‌లో మార్కు లేదు, లేని మార్కును ఎక్కడి నుంచి కోస్తాం?

అమ్మా, ముందు మీ ఇద్దరూ ఏ పాయింటుకు ఎంత వేశారో విడివిడిగా రాయండి. మొత్తాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తెలియదు.

కొత్తగా దిద్దుతున్నా:
నావి: బాధ్యత 1, డబ్బు 0 (నష్టపరిహారం అనే మాట లేదు), సైన్యం 0 (పదివేలు అన్నాడు), భూభాగం 1, రైన్ 0 (కొట్టేశాడు), ఫలితం 1.
ఆవిడవి: బాధ్యత 2, డబ్బు 1, సైన్యం 0, భూభాగం 1, రైన్ 0, ఫలితం 1.

ఎర్రసిరా:
చూశారా, ఆవిడ 5లో ఒక మార్కు రెండుసార్లు వేసింది. "జర్మనీయే కారణం", "తప్పంతా జర్మనీదే" రెండూ సంధిలో యుద్ధ బాధ్యత మోపిన 231వ నిబంధన మాటే. స్కీమ్‌లో ఒక వరుసకు ఒక టిక్కు పెట్టేసి, ఆ వరుస మూసేయండి. జవాబులో వాక్యాలు లెక్కపెట్టకండి.

డబ్బు దగ్గర మీరు గట్టిగా పట్టుకున్నారు. పిల్లలు పుస్తకంలో మాటే వాడాలని స్కీమ్ అడగలేదు. ఓడిన దేశాన్ని డబ్బు కట్టమన్నారని చెప్పాడు, విషయం అదే. అంకె లేదని కూడా ఆపకండి. సంధి పత్రంలో మొత్తం ఎంతన్నది తేల్చనే లేదు, జర్మనీ డబ్బు లెక్కలో 13,200 కోట్ల బంగారు మార్కులని ఖరారైంది 1921లో. 1 వేయండి.

ఇప్పుడు రైన్ గీత. అది నిజంగా పిల్లవాడు గీసిందేనా? కలం గీత మాట దగ్గర మొదలై మాట దగ్గర ఆగుతుంది, కాస్త వంకర ఉంటుంది. మీదేమో మార్జిన్ దాటి కాగితం ఈ చివర నుంచి ఆ చివరికి సన్నగా, తిన్నగా ఉందా? అదే ఎత్తులో తర్వాతి పేజీల్లోనూ ఉందా?

కొత్తగా దిద్దుతున్నా:
చూశాను. తర్వాతి రెండు పేజీల్లోనూ సరిగ్గా అక్కడే ఉంది! ఖాళీగా ఉన్నచోట కూడా ఉంది. ఇది నాకు తట్టనే లేదు.

ఎర్రసిరా:
అయితే అది స్కానర్ అద్దం మీది మరక. కాగితాలు ఒకదాని వెంట ఒకటి లాక్కునే స్కానర్‌లో అద్దం మీద చిన్న మచ్చ ఉన్నా, కాగితం జరిగే దిశలో పొడుగాటి గీత పడుతుంది. కాగితాన్ని పక్కకు తిప్పి పెడితే ఆ గీత సరిగ్గా వరుసల మీద అడ్డంగా వస్తుంది. రైన్ వాక్యం బతికే ఉంది, 1 వేయండి. అదే గీత ఆ కట్టలో ఇంకెందరి జవాబులను కొట్టేసిందో కూడా చూడాలి.

అప్పుడు బాధ్యత, డబ్బు, భూభాగం, రైన్ కలిసి నాలుగూ నిండాయి. సైన్యం పదివేలా, లక్షా అన్న తగువు ఈ జవాబులో మొత్తాన్ని మార్చదు. ఇలాంటి చోట అనుమానమున్న పాయింటును చివర చూడాలి.

నిక్కచ్చి:
ఆ గీత సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. కానీ నాలుగు నిండకపోయి ఉంటే? పదివేలు అంటే తప్పే కదా.

ఎర్రసిరా:
ముందు ఆ అంకె పదివేలేనా అని చూడాలి సార్. నలుపు-తెలుపు స్కాన్‌లో పలచటి సిరా సున్న ఒకటి ఎగిరిపోవచ్చు. సున్నల మధ్య ఖాళీ ఒకచోట ఎక్కువగా ఉందేమో చూసి, అసలు కాగితం గానీ, 300 డీపీఐ గ్రేస్కేల్ స్కాన్ గానీ అడగాలి. నిజంగానే పదివేలని రాసి ఉంటే, పరిమితి అన్న భావానికి మార్కుందా, లక్ష అన్న అంకెకా అన్నది చీఫ్ తేల్చి అందరికీ ఒకేలా చెప్పాలి. నేనైతే భావానికి వేస్తాను. వేయని వాళ్లూ ఉన్నారు.

ఒక అమ్మ:
క్షమించండి, నేను టీచర్ని కాదు. మా అమ్మాయి జవాబు మిగతా భాగం అదనపు షీటులో రాసింది. స్కాన్‌లో ఆ షీటు వేరే ప్రశ్న తర్వాత చేరింది, అందుకే సగం మార్కులే పడ్డాయి. రీవాల్యుయేషన్‌లో గానీ బయటపడలేదు. మీ వాడి తెగిన వరుస కూడా వేరే పేజీలో ఉందేమో చూడండి.

కొత్తగా దిద్దుతున్నా:
పేజీలన్నీ తిరగేశానండీ, వేరే చోట లేదు. తెగిన వరుసలో "1923లో మార్కు విలు..." వరకూ పై సగం కనిపిస్తోంది. తర్వాత తలకట్లు తప్ప ఏమీ తెలియడం లేదు, వత్తులన్నీ పోయాయి.

ఎర్రసిరా:
అది ఊహించి మార్కు వేయకండి, లేదనుకుని సున్నా కూడా పెట్టకండి. 1923లో ఫ్రాన్స్, బెల్జియం జర్మనీ పరిశ్రమల ప్రాంతమైన రూర్‌ను ఆక్రమించడం, జర్మన్ కరెన్సీ మార్కు విలువ కుప్పకూలడం అతను రాసి ఉంటే వివరణ మార్కు అక్కడే ఉంది. ప్రస్తుతం 4 + 1, ఆరో మార్కు అసలు కాగితం చూసేదాకా పెండింగ్ అని రాసి పంపండి.

నిక్కచ్చి:
"అందువల్ల కోపం వచ్చి హిట్లర్‌ని నమ్మారు" అన్నాడు కదా. షరతులతో ముడిపెట్టినట్టే. అక్కడే రెండో మార్కు ఇవ్వొచ్చు.

ఎర్రసిరా:
ఈసారి మీరు నాకంటే ఉదారంగా ఉన్నారు. నాకు "అందువల్ల" ఒక్కటే చాలదు, ఏ షరతు ఎవరిని ఎలా దెబ్బకొట్టిందో ఒక్క మాటైనా ఉండాలి. మీలా చూసేవాళ్లు నాతో దిద్దినవాళ్లలోనూ ఉన్నారు.

కొత్తగా దిద్దుతున్నా:
అసలు కాగితం అడిగాను. గీత పడిన కట్టలో ఇంకా 22 పేపర్లు ఉన్నాయి, అవన్నీ మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను.